కాయిల్‌కి తలుపు మూయాలి, బిడ్డకి తలుపు తీయాలి: పసిపిల్లల గదిలో పొగ లెక్క

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో పాత వీధులు చూస్తే ఇళ్లన్నీ ఒకదానికొకటి అంటుకుని వరసగా ఉంటాయి. రెండు పక్కలా గోడలు పొరుగువాళ్లతో ఉమ్మడి. ముందు అరుగు, వీధిగది, దాని వెనక నడిమి గది, ఆ వెనక వంటగది, చివర పెరడు. పక్కగోడలకు కిటికీ పెట్టే వీలే ఉండదు. గాలి రావాలన్నా పోవాలన్నా వీధి తలుపు, పెరటి తలుపే దారి. రాత్రి ఆ రెండూ మూసేస్తే లోపలి గాలి తెల్లారేదాకా లోపలే ఉంటుంది. పురిటికి పుట్టింటికి వచ్చిన బాలింతను, బిడ్డను చాలావరకు పడుకోబెట్టేది ఆ నడిమి గదిలోనే. అక్కడైతే చలిగాలి తగలదు, వచ్చేపోయేవాళ్ల చూపు పడదు.

ఆ గదిలోకి పొగ మూడు దారుల్లో వస్తుంది. పెరట్లోనో వంటగదిలోనో మండే కట్టెల పొయ్యి ఒకటి. బిడ్డకి తలంటి పోశాక వేసే సాంబ్రాణి రెండోది. రాత్రంతా మూలన కాలే దోమల కాయిల్ మూడోది. పొగ అనగానే అందరికీ గుర్తొచ్చేది కట్టెల పొయ్యే. కళ్లు మండేది, దగ్గు తెప్పించేది, గోడలు నల్లబరిచేది అదే కనుక. కానీ నెలల బిడ్డ రోజులో ఎక్కువసేపు పొయ్యి దగ్గర ఉండదు. మంచం మీదో ఉయ్యాలలోనో ఉంటుంది. అందుకని పొగను పొయ్యి దగ్గర కాకుండా బిడ్డ పడుకున్న చోట లెక్క వేస్తే వరస మారిపోతుంది.

ఆ లెక్క వేసే ముందు పొగలో ఊపిరితిత్తులకు ఎక్కువ చేటు చేసేదేమిటో తెలియాలి. కంటికి కనిపించే మసి చాలావరకు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. అసలు ఇబ్బంది పీఎం 2.5 అనే సన్నని కణాలతో. 2.5 మైక్రాన్ల కన్నా చిన్నవి కావడంతో అవి ఊపిరితిత్తుల చివరి గాలిసంచుల దాకా పోతాయి. ఘనపు మీటరు గాలిలో ఇవి ఎన్ని మైక్రోగ్రాములున్నాయో కొలుస్తారు. 24 గంటల సగటు 60 దాటకూడదన్నది మన దేశపు ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని 15గా సూచించింది. ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక బిడ్డ సంగతి. పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటే పుట్టిన బిడ్డ 40 నుంచి 60 సార్లు తీసుకుంటుంది. ఒంటి బరువుతో పోల్చి చూస్తే పెద్దవాళ్లకన్నా రెండింతలకు పైగా గాలి పీలుస్తుంది. అంటే ఒకే గదిలో ఒకే గాలి పీల్చినా బిడ్డ ఒంట్లోకి చేరే మోతాదు ఎక్కువ. పైగా శిశువు శ్వాసనాళం వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లే. పొగవల్లో జలుబువల్లో లోపలి పొర చుట్టూరా ఒక్క మిల్లీమీటరు వాచిందంటే గాలి దారి నాలుగింట మూడొంతులు మూసుకుపోతుంది. అదే వాపు 8 మిల్లీమీటర్ల దారి ఉన్న పెద్దవాళ్లకి వస్తే సగం కూడా మూసుకుపోదు. ‘మేమంతా ఈ పొగలోనే పెరిగాం కదా’ అనే పెద్దావిడకి చెప్పాల్సిన జవాబు ఇదే. పొగ పాతదే కావచ్చు, దాన్ని పీల్చే గొట్టం మాత్రం ఇంకా చిన్నది.

ఇప్పుడు కాయిల్. అందులో దోమల మందు ఒక శాతానికి లోపే. మిగతాదంతా రంపపు పొట్టు, కొబ్బరి చిప్పల పొడి, జిగురు, రంగు. అది మండదు, నెమ్మదిగా రాజుకుంటూ కాలుతుంది. కణాలు ఎక్కువగా పుట్టేది ఇలా మంట లేకుండా రాజుకునే నిప్పులోనే. చైనా, మలేసియాల్లో అమ్మే కాయిల్స్‌ని పరీక్షించి 2003లో ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే పీఎం 2.5, 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉండేదానితో సమానం. మన దుకాణాల్లో దొరికే ప్రతి కాయిల్‌కీ ఇదే అంకె అని చెప్పలేం కానీ, తయారీ పద్ధతి ఒకటే కాబట్టి స్థాయి ఏపాటిదో తెలుస్తుంది. సిగరెట్టు తాగే మనిషిని బాలింత గదిలోకి రానివ్వని ఇంట్లోనే మంచం కింద కాయిల్ వెలుగుతుంటుంది.

ఒక ఇంటిని ఊహించుకుని లెక్క వేద్దాం. కవిటి వైపు ఒక వరస ఇల్లు అనుకుందాం. పెంకులు తీసేసి శ్లాబు వేశారు. నడిమి గది పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులు. అందులో పట్టే గాలి సుమారు 28 ఘనపు మీటర్లు. రెండు నెలల బిడ్డ అక్కడే పడుకుంటుంది. రాత్రి తొమ్మిదికి కాయిల్ వెలిగిస్తే తెల్లవారుజామున ఐదుకి ఆరిపోతుంది. కాయిల్ గంటకి 20 మిల్లీగ్రాముల కణాలు వదులుతుందని అనుకుందాం. తలుపులు మూసి ఉంటే గదిలో గాలి గంటకి ఒకసారే పూర్తిగా మారుతుంది. అలాంటప్పుడు గదిలో కణాలు ఘనపు మీటరుకి సుమారు 700 మైక్రోగ్రాముల దగ్గర నిలబడతాయి. గాలి గంటకి సగమే మారితే అది 1,400 అవుతుంది. అటూ ఇటూ తలుపులు తీసి ఉండి గంటకి పదిసార్లు మారితే 70కి పడిపోతుంది. కాయిల్ అదే, గదీ అదే. తేడా తెచ్చింది గాలి మార్పిడి ఒక్కటే.

ఇదే ఇంట్లో బిడ్డ రోజు మొత్తం చూద్దాం. రాత్రి ఎనిమిది గంటలు 700 దగ్గర. పొద్దున, సాయంత్రం సాంబ్రాణి పావుగంట చొప్పున, అప్పుడు 1,000 అనుకుందాం. ఉదయం పెరట్లో నీళ్లు కాగేటప్పుడు వెనక తలుపులోంచి వచ్చే పొగ ఒక గంట, 500. మిగిలిన పద్నాలుగున్నర గంటలు మామూలు గాలి, 40. అన్నీ కూడి 24తో భాగిస్తే రోజు సగటు 300 దగ్గర తేలుతుంది, అంటే దేశ ప్రమాణానికి ఐదింతలు. ఇందులోంచి కాయిల్ ఒక్కటి తీసేసి, ఆ ఎనిమిది గంటలూ 40 అని వేసుకుంటే సగటు 80కి దిగుతుంది. సాంబ్రాణి, నీళ్ల పొయ్యి కూడా బిడ్డకు దూరమైతే 40. కాయిల్ ఉంచి ఆ రెండూ మానేస్తే మాత్రం సగటు ఇంకా 260 దగ్గరే ఉంటుంది. ఈ అంకెలు ఊహించుకున్నవే, ఇంటిని బట్టి మారతాయి. అయితే కట్టెల పొయ్యి గదిలోనే ఉన్న ఇల్లయితే తప్ప వాటి మధ్య వరస మాత్రం పెద్దగా మారదు. వంటకి గ్యాస్ వచ్చిన ఇంట్లో పసిబిడ్డ పొగలో పెద్ద వాటా రాత్రి కాయిల్‌దే.

పాత పెంకుటిల్లు ఈ విషయంలో ఒక మేలు చేసేది. వేడెక్కిన పొగ పైకి లేచి పెంకుల సందుల్లోంచి బయటికి పోయేది. శ్లాబుకి సందులుండవు. పైకి లేచిన పొగ కప్పుకి తగిలి పరుచుకుంటుంది, చల్లబడి కిందికి దిగుతుంది. ఇల్లు పక్కాగా కట్టుకున్నాక పాత అలవాట్లు అవే కొనసాగితే లోపలి పొగ పెరుగుతుందే కానీ తగ్గదు. సీలింగ్ ఫ్యాన్ పొగను బయటికి పంపుతుందన్నది కూడా చాలామందిలో ఉన్న భ్రమ. అది ఉన్న పొగను గదంతా సమంగా కలుపుతుంది, అంతే. మూలన కాయిల్, ఇటు బిడ్డ, పైన ఫ్యాన్ ఉంటే ఆ దూరం వల్ల ఒరిగేదేమీ లేదు.

వీటన్నిటికన్నా ప్రమాదమైంది చీర ఉయ్యాల కింద కాయిల్ పెట్టడం. పొగ నిట్టనిలువుగా పైకి లేచి ఉయ్యాల గుడ్డలోకే పోతుంది. గదిలో సగటు ఎంతన్నది అక్కడ పనికిరాదు, బిడ్డ ముక్కు దగ్గర అంతకు ఎన్నో రెట్లుంటుంది. గుడ్డ కొస నిప్పుకి తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కాయిల్ మానేస్తే దోమలు కుడతాయి కదా అన్నది న్యాయమైన ప్రశ్న. ఉత్తరాంధ్రలో దోమ చిన్న విషయం కాదు. ఏజెన్సీ వైపు మలేరియా, తీరంలో పాతకాలం నుంచి బోదకాలు, ఈ మధ్య డెంగీ అందరికీ తెలిసినవే. దోమ కాటు భరించి పొగ తప్పించుకోమని ఎవరూ చెప్పరు. సమస్యంతా కాయిల్ పనిచేసే తీరులో ఉంది. తలుపు తీస్తే మందు గాలికి పోతుంది, దోమ లోపలికి వస్తుంది. కాబట్టి కాయిల్‌కి గది మూయాలి. బిడ్డకేమో గది తెరవాలి. ఈ రెండూ ఒకేచోట కుదరవు. దోమతెరతో ఆ చిక్కు తీరుతుంది. దోమతెర దోమను ఆపడం ఒక ఎత్తు, రాత్రంతా తలుపో కిటికీయో తీసి ఉంచుకునే వీలు ఇవ్వడం ఇంకో ఎత్తు. ఈ రెండో ప్రయోజనం గురించి ఎవరూ మాట్లాడరు.

అయితే తెర కట్టే తీరులో తేడాలుంటాయి. బజారులో బిడ్డల కోసం అమ్మే గొడుగు తెరలు పగటి నిద్రకు బాగుంటాయి, నేల సమంగా లేకపోతే అంచు కింద సందు పడుతుంది. బిడ్డ చెయ్యో కాలో తెరకు ఆనితే దోమ బయటినుంచే కుడుతుంది. రాత్రి తల్లి పాలివ్వడానికి నాలుగైదుసార్లు లేస్తుంది, లేచినప్పుడల్లా గొడుగు ఎత్తి దించడంలో ఒకటో రెండో దోమలు లోపలికి దూరతాయి. అందుకే తల్లీబిడ్డా ఇద్దరూ పట్టే పెద్ద తెర మేలు. నాలుగు మూలలా మేకులకు కట్టి, అంచులు పరుపు కిందికో చాప కిందికో మడిచి దోపాలి. సందె చీకటి పడకముందే దించేయాలి. చీకటి పడ్డాక దించితే అప్పటికే లోపల చేరిన దోమలతో సహా మూసినట్టవుతుంది. పొద్దున తెరలోపల నెత్తురు తాగి నల్లగా ఉబ్బిన దోమ కనిపిస్తే ఎక్కడో చిరుగుందని అర్థం. వెలుగుకి ఎదురుగా పట్టి చూసి కుట్టేస్తే సరిపోతుంది.

తెరలో ఉక్క పోస్తుందన్నది అసలైన ఇబ్బంది. సీలింగ్ ఫ్యాన్ గాలి తెరపై భాగం దగ్గరే సగం ఆగిపోతుంది. టేబుల్ ఫ్యాన్‌ని పక్కనుంచి, తెర బయట, బిడ్డ మొహానికి సూటిగా కాకుండా పెడితే కొంత నయం. వీధి తలుపు తీసి పడుకోవడానికి భయమైతే తలుపు పైన ఉండే చిన్న గవాక్షానికి, పెరటివైపు కిటికీకి జాలీ కొట్టించి ఆ రెండూ తెరిచి ఉంచొచ్చు. ఒకవైపే తెరిస్తే పెద్దగా లాభం ఉండదు. గాలికి వచ్చే దారి, పోయే దారి రెండూ కావాలి.

డెంగీ దోమ పగలు కుడుతుంది. కాబట్టి తెర రాత్రికి మాత్రమే అనుకోకూడదు. కొబ్బరితోటల ఉద్దానంలో ఈ దోమకి చాలా అనుకూలమైన చోటు ఒకటుంది. కొబ్బరికాయలు ఒలిచి పారేసిన చిప్పలు, డొక్కలు పెరట్లో కుప్పగా ఉంటాయి. వాన పడితే వెల్లకిలా పడిన ప్రతి చిప్పా ఒక గిన్నె అవుతుంది. గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం పది రోజులు చాలు. వారానికోసారి కుప్పను తిరగేసి నీళ్లు వంపేస్తే ఆ వరస తెగిపోతుంది. రాత్రి కుట్టి బోదకాలు తెచ్చే దోమ సంగతి వేరు. అది మురుగులో, సెప్టిక్ ట్యాంకులో పుడుతుంది. ట్యాంకు గాలిగొట్టం మూతికి పాత దోమతెర ముక్క చుట్టి తాడుతో బిగించి కడితే చాలు. ఖర్చు లేని పని, కానీ పది ఇళ్లలో తొమ్మిదింట కనిపించదు.

కాయిల్ బదులు వాడే ఇతర వస్తువుల గురించి కూడా కొంత చెప్పాలి. ‘పొగ లేని’ కాయిల్ అని అమ్మేవాటిలో బొగ్గుపొడి ఎక్కువగా ఉంటుంది. వాటినుంచి కణాలు తగ్గుతాయి, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం పెరుగుతుంది. ఆ వాయువుకి రంగూ వాసనా ఉండవు కనుక, పొగ కనిపించడం లేదని గది ఇంకా గట్టిగా మూస్తారు. దోమల అగరబత్తులతో ఇంకో చిక్కు ఉంది. పురుగుమందుల చట్టం, 1968 ప్రకారం దోమల మందు ఉన్న ఏ సరుకుకైనా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. దాన్ని ప్యాకెట్ మీద సీఐఆర్ నంబరు అని ముద్రిస్తారు. కిరాణా కొట్లలో తక్కువ ధరకి దొరికే చాలా దోమల అగరబత్తుల మీద అది కనిపించదు. లోపల ఏ మందు ఎంతుందో ఎవరికీ తెలియని వస్తువును బిడ్డ గదిలో వెలిగించకపోవడమే మంచిది.

ప్లగ్‌లో పెట్టే లిక్విడ్ మిషన్‌లో పొగ ఉండదు, ఆ మేరకు కాయిల్ కన్నా నయం. అలాగని అది వదిలేది ఉత్త గాలి కాదు, మందు ఆవిరి. తప్పనిసరైతే సాయంత్రం బిడ్డ లేని గదిలో ఓ గంట నడిపి, ఆపి, గాలి పారించి అప్పుడు పడుకోబెట్టడం పద్ధతి. పాకే వయసు వచ్చాక ఆ చిన్న సీసా నేలకి దగ్గరగా ఉన్న ప్లగ్‌లో ఉండకూడదు. కర్పూరాన్ని మూటకట్టి బిడ్డ మెడలోనో తలగడ కిందో పెట్టడం కొన్ని ఇళ్లలో ఉంది. కర్పూరం నోట్లోకి పోతే మూర్ఛలు వస్తాయి, కొద్దిపాటి ముక్కే చాలు. వేపాకు పొగ, పిడకల పొగ సహజమైనవి కాబట్టి మంచివన్న మాటకు ఆధారం లేదు. ఏ ఆకు రాజుకున్నా వచ్చేవి అవే కణాలు. రెండు నెలలు నిండని బిడ్డకి ఒంటికి రాసే దోమల క్రీములు కూడా వద్దంటారు. ఆ వయసులో మిగిలేది తెరే.

ఒకవేళ కాయిల్ మానడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే మధ్యేమార్గం ఒకటుంది. బిడ్డ వీధిగదిలో ఉన్నప్పుడు నడిమి గది మూసి కాయిల్ వెలిగించి, తర్వాత ఆర్పేసి, ముందూ వెనకా తలుపులు తీసేయాలి. గాలి గంటకి పదిసార్లు మారే దారి ఉంటే పొగ ప్రతి నాలుగు నిమిషాలకీ సగమవుతుంది, ఇరవై నిమిషాల్లో మూడు నాలుగు శాతమే మిగులుతుంది. మూసిన గదిలో అయితే సగం కావడానికే ముప్పావు గంట పడుతుంది. ఆ ఇరవై నిమిషాల్లో కొత్త దోమలు వస్తాయి కాబట్టి తర్వాత తెర ఎలాగూ కావాలి. ఇంత చేశాక కాయిల్ వల్ల మిగిలిన లాభమేమిటో ఎవరికి వారే చూసుకోవచ్చు.

పొయ్యి దగ్గరికి వద్దాం. వంటగ్యాస్ ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకంతో మొదలై, 2016 నుంచి ఉజ్వలతో కనెక్షన్లు పెరిగాయి. ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల దీపం-2 పథకాన్ని 2024 నవంబరు 1న ప్రారంభించింది ఇచ్ఛాపురం దగ్గర ఈదుపురంలోనే. మూడు సిలిండర్లంటే 42.6 కిలోల గ్యాస్. ఐదుగురున్న ఇంట్లో రెండు పూటలా వంట, స్నానాల నీళ్లు అన్నీ దాని మీదే అయితే ఏడాది రాదు. అందుకే గ్యాస్ కూరకి, టీకి. అన్నానికో నీళ్లకో కట్టెలు. ఉద్దానంలో కొబ్బరి మట్టలు, తీరంలో సరుగుడు పుల్లలు, విజయనగరం వైపు గోగు కర్రలు డబ్బు పెట్టక్కర్లేని వంటచెరకు. పలాస చుట్టుపక్కల జీడి తొక్క కూడా దొరుకుతుంది. దాన్ని మాత్రం ఇంటి పొయ్యిలో వేయకూడదు. ఆ తొక్కలో చర్మాన్ని కాల్చే నూనె ఉంటుంది, దాని పొగ కళ్లకీ గొంతుకీ మామూలు కట్టె పొగకన్నా చాలా ఘాటు.

బాలింత ఉన్న ఇంట్లో కట్టెలు ఎక్కువ ఖర్చయ్యేది వేడినీళ్లకే. తల్లికి, బిడ్డకి రోజూ వేన్నీళ్లు కావాలి. ఇక్కడొక చిన్న లెక్క పనికొస్తుంది. 15 లీటర్ల నీళ్లను 27 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకి తేవడానికి అయ్యే కరెంటు యూనిట్‌లో మూడో వంతు. వెయ్యి వాట్ల హీటర్ రాడ్ అయితే ఇరవై నిమిషాల పని. అంటే గంట పొగకి ప్రత్యామ్నాయం కొద్ది రూపాయలే. స్విచ్ ఆపి, ప్లగ్ తీశాకే నీళ్లలో చెయ్యి పెట్టాలన్న ఒక్క జాగ్రత్త తప్పనిసరి. కరెంటు లేని పూట కట్టెలే అనుకుంటే పొయ్యిని పెరటి తలుపుకి ఎదురుగా కాకుండా పెరడు చివరికి జరపాలి.

ఎంత దూరం, ఏ మూలకి అన్నది గాలిని బట్టి ఉంటుంది. తీరంలో పగటిపూట గాలి సముద్రం వైపు నుంచి వీస్తుంది. పెరడు సముద్రం వైపున్న ఇంట్లో వంటగది పొగంతా నడిమి గది మీదుగా వీధిలోకి పోతుంది. వీధి సముద్రం వైపున్న ఇంట్లో అదే పొగ నేరుగా పెరట్లోకి పోతుంది. ఎదురెదురు వరసల్లో ఉన్న రెండు ఒకేలాంటి ఇళ్లలో ఒక బిడ్డ పొగలో, ఒక బిడ్డ మంచి గాలిలో ఉండడానికి ఇదే కారణం. పల్చటి కాగితం ముక్కను గుమ్మంలో వేలాడదీస్తే ఏ వేళకి గాలి ఎటు పోతోందో తెలిసిపోతుంది. మొదటి రకం ఇల్లయితే పొయ్యి వెలిగించే వేళకి బిడ్డను అరుగు మీదికి కాదు, పొరుగింటికి తీసుకెళ్లాలి. పొగ అరుగు మీదుగానే బయటికి పోతుంది మరి.

పొయ్యిలో పొగ ఎక్కువ వచ్చేది రాజేసేటప్పుడు, ఆర్పేటప్పుడు. నడుమ మంట నిలకడగా ఉన్నంతసేపు తక్కువ. ప్లాస్టిక్ కవర్లు వేసి రాజేయడం పల్లెల్లోనే కాదు, టౌన్‌లోనూ కనిపిస్తోంది. అది కట్టె పొగకి విషం కలపడమే, ఎండు కొబ్బరి పీచు, గోగు పుల్లలు ఉన్నచోట ఆ అవసరమే లేదు. కట్టె ఎండిందా లేదా అన్నది రెండు ముక్కలు కొట్టి చూస్తే తెలుస్తుంది. ఎండితే ఖంగుమంటుంది, పచ్చిదైతే దబ్బుమంటుంది. వానాకాలంలో రెండు వారాలకి సరిపడా కట్టెలు చూరు కింద ఉంచుకుంటే పొగ సగం తగ్గినట్టే.

ఇంట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే దాని పక్క కిటికీ మూసి, ఎదుటివైపు తలుపు తీయాలి. పక్క కిటికీ తెరిచి ఉంటే ఫ్యాన్ ఆ కిటికీలోంచి వచ్చే గాలినే లాగి బయటికి పంపుతుంది, పొయ్యి మీది పొగ అలాగే ఉండిపోతుంది. గ్యాస్ మీద వండినా మిరపకాయల పోపు, చేపల వేపుడు వేళకి బిడ్డను చంకలో పెట్టుకుని పొయ్యి దగ్గర నిలబడకపోవడం మంచిది.

గ్యాస్ వస్తే చాలు అన్నీ సర్దుకుంటాయన్న నమ్మకానికి ఒక హద్దు ఉంది. తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో సుమారు 3,200 మంది గర్భిణులతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. సగం మందికి గ్యాస్ పొయ్యి, ఉచితంగా గ్యాస్ ఇచ్చారు. వాళ్లు పీల్చే కణాలు దాదాపు మూడో వంతుకి తగ్గాయి. అయినా పుట్టిన బిడ్డల బరువులో గానీ, ఏడాదిలోపు తీవ్ర న్యుమోనియా కేసుల్లో గానీ స్పష్టమైన తేడా కనిపించలేదు. దీన్నిబట్టి పొగ వల్ల నష్టం లేదనుకోకూడదు. పోషణ, టీకాలు, ఇరుకు ఇళ్లు, జలుబులు లాంటివెన్నో న్యుమోనియాకి కారణాలు. పొగ అందులో ఒకటి. ఒక్కదాన్ని తీసేస్తే ఫలితం కనిపించకపోవచ్చు.

సాంబ్రాణి గురించి చాలా ఇళ్లలో వాదన జరుగుతుంది. తలంటాక బిడ్డ జుట్టు ఆరడానికి, జలుబు చేయకుండా ఉండడానికి వేస్తామంటారు. నెత్తి ఆరాలంటే పొడి నూలుగుడ్డతో అద్దితే చాలు. ఆచారం వదులుకోలేమంటే బిడ్డను పొగ మీద పట్టడం మాని, బిడ్డ గుడ్డలకో ఖాళీ గదికో ధూపం వేసి, పొగ పోయాక లోపలికి తీసుకెళ్లొచ్చు. దీనికన్నా ఎక్కువ పట్టుబట్టాల్సింది కుంపటి గురించి. పుష్యమాసం చలిలో బాలింత మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు వేసే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. నిప్పులు ఎర్రబడ్డాక పొగ ఆగిపోతుంది, అందుకే ఇక ప్రమాదం లేదనుకుంటారు. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వచ్చేది అప్పుడే. తల్లికి తలనొప్పి, వికారం, బిడ్డ పాలు తాగకుండా మగతగా పడుకోవడం కనిపిస్తే ముందు ఇద్దర్నీ బయటికి తేవాలి, తర్వాతే కారణం వెతకాలి. చలికి ఒంటి మీద ఇంకో పొర గుడ్డ, టోపీ, తల్లి ఒడి వెచ్చదనం ఉంటే సరిపోతుంది.

అడ్డపొగ ప్రస్తావన లేకుండా ఈ జిల్లాల పొగ కథ పూర్తికాదు. చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని తాగే ముసలమ్మలు తగ్గారు కానీ పోలేదు. నిప్పు లోపలుంటే పొగ బయటికి రాదనుకోవడం తప్పు. అది ముక్కులోంచి, పెదాల సందులోంచి వస్తూనే ఉంటుంది. ఒడిలో మనవడు ఉంటే ఆ పొగ మొదట తగిలేది వాడికే.

బయటి గాలి మాటకొస్తే, శ్రీకాకుళం, విజయనగరం రెండూ జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం కింద ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో ఉన్నవే. కాకపోతే కాయిల్ వెలిగే మూసిన గదితో పోలిస్తే ఆ గాలి చాలా నయం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున నేలను అంటుకుని ఉండే మంచులో చెత్త మంటల పొగ కూడా నిలబడుతుంది. ఆ నెలల్లో ఇల్లు బార్లా తెరవడానికి ఎండెక్కాక, తొమ్మిది తర్వాత అనువైన వేళ. భోగినాడు వీధి మంట ఆరి పొగ విరిగేదాకా వీధి తలుపు మూసి, పెరటివైపు తెరవొచ్చు.

ఇంట్లో పొగ ఎంతుందో చెప్పే గుర్తులు పరికరం లేకున్నా దొరుకుతాయి. నడిమి గది కప్పు మూలల్లో బూజు తెల్లగా ఉందా నల్లగా ఉందా చూడాలి. నల్లగా ఉంటే పొయ్యి పొగ అక్కడిదాకా వస్తోంది. కాయిల్ పళ్లెం పైన గోడ మీద గోధుమరంగు చార కనిపిస్తుంది. పొద్దున బిడ్డ దుప్పటి వాసన చూస్తే రాత్రి ఏం పీల్చిందో తెలుస్తుంది. రాత్రంతా ముక్కు దిబ్బడ, పగలు బయట తిప్పితే నయం, మళ్లీ రాత్రి దిబ్బడ అన్న వరస వారం రోజులు నడిస్తే జలుబు కన్నా ముందు గదిని అనుమానించాలి. కాయిల్ నాలుగు రాత్రులు ఆపి చూస్తే తేడా తెలుస్తుంది.

కొన్ని లక్షణాలకి మాత్రం అలా ఆగి చూడకూడదు. బిడ్డ నిదానంగా ఉన్నప్పుడు, ఏడవని వేళ, చొక్కా ఎత్తి పొట్ట కదలికను గడియారం పెట్టుకుని పూర్తిగా ఒక నిమిషం లెక్కించాలి. అర నిమిషం లెక్కించి రెట్టింపు చేస్తే తప్పు వస్తుంది, పసిబిడ్డ ఊపిరి మధ్యమధ్య ఆగి మళ్లీ వేగం అందుకుంటుంది. రెండు నెలల్లోపు బిడ్డకి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, అంతకు చేరినా మించినా వేగంగా ఉన్నట్టు. రెండోసారి లెక్కించినా అంతే వస్తే, లేదా ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతుంటే, మూలుగుతుంటే, పాలు పట్టలేకపోతుంటే పొగనా జలుబా అన్న చర్చ ఇంట్లో అక్కర్లేదు, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆసుపత్రిలో కాన్పు అయితే మొదటి ఆరు వారాల్లో 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి బిడ్డను చూస్తుంది. ఊపిరి లెక్కించడం ఆమె దగ్గర ఒకసారి నేర్చుకోవచ్చు. అప్పుడే నడిమి గదిలోకి కూడా పిలిచి కాయిల్ ఎక్కడ పెడుతున్నారో, తెర ఎలా కట్టారో చూపించొచ్చు.